ఒకే బోర్డు, ఊరికో రుచి: ఫ్రాంచైజీ టిఫిన్ సెంటర్లలో ఏది బిగించాలి, ఏది వదిలేయాలి?

బెజవాడ_టిఫిన్స్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. విజయవాడలో మాకు సొంత టిఫిన్ సెంటర్లు రెండు ఉన్నాయి. ఫ్రాంచైజీకి ఇచ్చినవి ఇంకో ఆరు: గుంటూరు, రాజమండ్రి, కర్నూలు, హనుమకొండ, కూకట్‌పల్లి, బెంగళూరు మారతహళ్ళి. మాకు పేరు తెచ్చినవి నేతి కారం దోసె, ఇడ్లీలోకి అల్లం పచ్చడి.

ఈ మధ్య ఒక కస్టమర్ గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చి, "విజయవాడలో తిన్న దోసె కోసం హనుమకొండలో వెతుక్కుంటూ వెళ్ళాను, బోర్డు ఒక్కటే కలిసింది" అని రాశాడు. అప్పటి నుంచి అన్ని షాపులూ తిరిగి చూస్తున్నాను. హనుమకొండ ఓనర్ అల్లం పచ్చడి మానేసి పల్లీ చట్నీ పెడుతున్నారు. కర్నూలాయన పొద్దున్నే ఉగ్గాని బజ్జీ మొదలుపెట్టారు, అది మా మెనూలోనే లేదు. బెంగళూరులో సాంబారులో బెల్లం పడుతోంది. కూకట్‌పల్లిలో దోసె చూడ్డానికి బాగానే ఉంది కానీ నెయ్యి వాసన తక్కువ.

అగ్రిమెంట్‌లో "మాన్యువల్ ప్రకారమే చేయాలి" అని ఒక్క వాక్యం ఉంది. మాన్యువల్ 64 పేజీలు. గట్టిగా అడిగితే "మా ఊరి జనం మాకు తెలుసు సార్" అంటారు. వదిలేస్తే పేరు పోతుంది. ఇంతకీ ఏది ఎక్కడా మారకూడదు, ఏది వాళ్ళకే వదిలేయొచ్చు? మీరైతే ఎలా తేల్చుకుంటారు?

---

సత్తిబాబు_జీడిమెట్ల

ఇందులో ఆలోచించడానికి ఏముంది సార్? ఫ్రాంచైజీ అంటేనే మక్కీకి మక్కీ. మెక్‌డొనాల్డ్స్ చూడండి, ప్రపంచంలో ఎక్కడ తిన్నా ఒకటే. ఓనర్ సొంత తెలివి వాడితే ఆ మర్నాడే నోటీసు. మీరు మెతగ్గా ఉంటున్నారు కాబట్టే ఇలా ఆడుకుంటున్నారు. నలుగురిలో ఒకరి అగ్రిమెంట్ రద్దు చేయండి, మిగతా వాళ్ళు దారికొస్తారు.

---

వాణి_ఆపరేషన్స్

సత్తిబాబు గారూ, మెక్‌డొనాల్డ్స్ విషయంలో మీరు చెప్పింది సగమే నిజం. మన దేశంలో వాళ్ళు బీఫ్ అమ్మరు, ఇక్కడి జనం కోసం ఆలూ టిక్కీ బర్గర్ తయారుచేశారు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. వాళ్ళ ఫిష్ బర్గర్ హెడ్డాఫీసులో పుట్టలేదు. 1962లో సిన్సినాటీలో లూ గ్రోయెన్ అనే ఫ్రాంచైజీ ఓనర్ ఉండేవాడు. ఆ చుట్టుపక్కల కాథలిక్కులు ఎక్కువ, శుక్రవారం మాంసం తినరు, ఆ రోజు షాపు వెలవెలబోయేది. ఆయన చేప బర్గర్ తయారుచేసుకుని కంపెనీ అనుమతి అడిగాడు. అధిపతి రే క్రాక్‌కి అది నచ్చలేదు, తన తరఫున అనాస ముక్క పెట్టిన బర్గర్‌ని పోటీకి దింపాడు. ఒకే శుక్రవారం రెండూ అమ్మి చూస్తే చేపే గెలిచింది. తర్వాత దేశమంతా మెనూలోకి వచ్చింది. బిగ్ మ్యాక్ కూడా పిట్స్‌బర్గ్ వైపు జిమ్ డెలిగాటీ అనే ఓనర్ చేసిందే.

ఓనర్ కొత్తది చేయొచ్చా లేదా అన్నది అక్కడ గొడవ కాలేదు. కంపెనీకి తెలిసేలా చేశాడు, ఒక చోట అమ్మి చూశారు, లెక్క చూసి ఒప్పుకున్నారు. మన సార్ దగ్గర లోపించింది ఆ దారి. మాన్యువల్ ఉంది కానీ దాన్ని మార్చమని అడిగే తలుపు లేదు. అందుకే అందరూ చెప్పకుండా మారుస్తున్నారు.

బెజవాడ సార్, మీరు చెప్పిన నాలుగూ ఒకటే రకం తప్పులు కావు. పల్లీ చట్నీ, ఉగ్గాని, బెల్లం సాంబారు... ఈ మూడూ కస్టమర్ అడిగితే వచ్చినవి. కూకట్‌పల్లి నెయ్యి కస్టమర్ అడిగింది కాదు, ఎవరూ "నెయ్యి తగ్గించండి" అని అడగరు. ముందు దాని సంగతి చూద్దాం. నెయ్యి ఎవరు సప్లై చేస్తున్నారు? కిలో ఎంతకి?

---

నంద్యాల_నరేష్

సార్ మాకు నంద్యాలలో బస్టాండ్ దగ్గర 400 చదరపు అడుగుల షాపు ఖాళీగా ఉంది. డిపాజిట్ ఎంత, రాయల్టీ ఎంత, ట్రైనింగ్ ఇస్తారా? మెసేజ్ పెట్టండి.

---

బెజవాడ_టిఫిన్స్

నరేష్ గారూ, ఇది ఆ చర్చ కాదండీ. ఉన్నవాటి సంగతి తేలేదాకా కొత్తవి ఇవ్వడం లేదు.

వాణి గారూ, నెయ్యి మేమే పంపుతాం. డెయిరీ దగ్గర టోకున కొని, కిలో 760కి ఓనర్లకి ఇస్తాం. అందులో మాకు మార్జిన్ ఉంది, రవాణా ఖర్చు కూడా అందులోనే. కూకట్‌పల్లిలో నేతి కారం దోసెలు బిల్లింగ్ ప్రకారం రోజుకి 180 దాకా పోతాయి. దోసెకి 15 గ్రాముల నెయ్యి అని మాన్యువల్‌లో రాశాం.

---

వాణి_ఆపరేషన్స్

సరే, అయితే లెక్క చేద్దాం. రోజుకి 180 దోసెలు, నెలకి 5,400. ఒక్కోదానికి 15 గ్రాములంటే 81 కిలోల నెయ్యి కావాలి. గత నెల ఆయన మీకు పెట్టిన ఇండెంట్లు కలపండి, ఎంత వస్తుంది?

---

బెజవాడ_టిఫిన్స్

ఇప్పుడే చూశాను. 52 కిలోలు.

---

వాణి_ఆపరేషన్స్

29 కిలోల తేడా. కాస్త ఒలికిపోవడం, డబ్బా అడుగున మిగలడం ఎక్కడైనా ఉండేదే కానీ దాని వల్ల నెయ్యి ఇంకా ఎక్కువ కావాలి, తక్కువ కాదు. కాబట్టి రెండే దారులు. దోసెకి తొమ్మిదిన్నర గ్రాములే వేస్తూ ఉండాలి, లేదా మిగతా నెయ్యి బయట కొంటూ ఉండాలి.

ఏదో తెలుసుకోవడానికి గొడవ పడనక్కర్లేదు. మీ మనిషిని ఒకరిని పంపి, పొద్దున షాపు తీయగానే నెయ్యి డబ్బాలన్నీ కాటా మీద పెట్టించండి. రాత్రి మూసేటప్పుడు మళ్ళీ తూయించండి. ఆ రోజు బిల్లయిన దోసెలతో భాగిస్తే దోసెకి ఎంత పడిందో వస్తుంది. ఇడ్లీ మీద, ఉప్మాలో నెయ్యి వాడితే అది ముందే పక్కకి తీయించండి, లేకపోతే లెక్క తప్పుతుంది. దోసెకి 15 పడుతున్నట్టు తేలి, మీ డబ్బాలు మాత్రం నెమ్మదిగా ఖాళీ అవుతుంటే స్టోర్‌లో ఇంకో కంపెనీ డబ్బా ఉన్నట్టే.

ఇప్పుడు ఆయన వైపు నుంచి చూడండి. అదే తరగతి నెయ్యి బయట టోకున 640కి దొరుకుతోంది అనుకుందాం. కిలోకి 120 తేడా. 81 కిలోలకి నెలకి 9,720 రూపాయలు. ఆ డబ్బు మీ అగ్రిమెంటే ఆయన ముందు పెట్టి "వద్దనుకో" అంటోంది. తనిఖీలు ఎన్ని పెట్టినా ఆ తేడా ఉన్నంతకాలం ఎవరో ఒకరు బయట కొంటూనే ఉంటారు.

ఇదే లెక్క రెండో వైపు కూడా పనికొస్తుంది. ఇండెంట్ తక్కువుంటే సరుకు బయటిదని అనుమానం. ఇడ్లీ రవ్వ లాంటి మీ సరుకు ఎక్కువ వెళ్ళి, బిల్లులు తక్కువుంటే అమ్మకాలు బిల్లు చేయడం లేదని, రాయల్టీ ఎగ్గొడుతున్నారని అనుమానం. రెండింటినీ పక్కపక్కన పెట్టి నెలకోసారి చూసుకోండి.

---

చాయ్_చంద్రం

వాణి గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఓనర్ వైపు వాణ్ణి, ఒక టీ ఫ్రాంచైజీ నడిపాను, పేరు చెప్పను. టీపొడి, పంచదార, చివరికి పేపర్ కప్పులు కూడా వాళ్ళ దగ్గరే కొనాలి. పంచదారలో బ్రాండ్ ఏముందండీ? కిరాణా కొట్టు కంటే కిలోకి ఆరు రూపాయలు ఎక్కువ. టీపొడి అంటే అర్థం చేసుకుంటాను, ఆ బ్లెండ్ వాళ్ళది. పంచదారలో మా దగ్గర గుంజడం మొదలుపెట్టాక టీపొడి మీద కూడా నమ్మకం పోయింది. చివరికి అది కూడా కలిపేశాం. చెప్పుకోవడానికి గొప్పగా లేదు కానీ జరిగేది ఇదే.

ఇంకో మాట. రాయల్టీ 6 శాతం అని మాతో చెప్పారు. దాని మీద 18 శాతం జీఎస్టీ. మేము 5 శాతం కింద బిల్లు వేస్తాం కాబట్టి ఆ జీఎస్టీ మాకు వెనక్కి రాదు. అంటే నిజానికి 7.08 శాతం. సంతకం పెట్టే రోజు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు.

---

డాలస్_శ్రీనివాస్

ఇక్కడ డాలస్‌లో నాకు ఒక శాండ్‌విచ్ ఫ్రాంచైజీ షాపు ఉంది. అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మే ముందు కంపెనీ ఒక డిస్‌క్లోజర్ పత్రం ఇవ్వాలి, అది చేతికొచ్చాక కనీసం 14 రోజుల దాకా సంతకం పెట్టించుకోకూడదు. అందులో 8వ అంశం పూర్తిగా ఈ విషయానికే. ఏయే సరుకులు తప్పకుండా కంపెనీ చెప్పిన చోటే కొనాలి, ఆ కొనుగోళ్ళ మీద కంపెనీకి ఎంత ఆదాయం వస్తోంది అన్నది రాయాలి. దాని వల్ల ధర తగ్గిపోదు, కానీ ముందే తెలుస్తుంది కాబట్టి మోసపోయామన్న కోపం ఉండదు. ఇండియాలో ఫ్రాంచైజీకి ప్రత్యేక చట్టం లేదు, అంతా అగ్రిమెంట్ మీదే. అయినా చట్టం అడక్కపోయినా ఒక పేజీలో రాసి ఇస్తే పోయేదేముంది?

---

సత్తిబాబు_జీడిమెట్ల

శ్రీనివాస్ గారూ, మార్జిన్ ఎంతో చెప్తే రేపు ప్రతి ఓనరూ బేరం మొదలుపెడతాడు. అమెరికా వేరు, ఇక్కడ వేరు. చంద్రం గారు టీపొడిలో కలిపేశాం అని ఎంత తేలిగ్గా చెప్తున్నారో చూడండి. అందుకే అంటున్నా, గట్టిగా ఉండాలి.

---

పెనం_మాస్టర్

నేను దోసె మాస్టర్‌ని. ఇరవై ఏళ్ళు పెనం ముందే నిలబడ్డా, ఇప్పుడు నాలుగు షాపులకి సూపర్‌వైజర్‌ని. మీరందరూ నెయ్యి, రాయల్టీ అంటున్నారు, పిండి సంగతి ఎవరూ అడగలేదు. రుచి తేడా సగం అక్కడే ఉంటది.

సార్, మీ మాన్యువల్‌లో పిండి ఎన్ని గంటలు పులియాలని రాశారు?

---

బెజవాడ_టిఫిన్స్

8 గంటలు అని ఉంది మాస్టారూ.

---

పెనం_మాస్టర్

అదే గొడవ. మే నెలలో విజయవాడలో ఆరు గంటలకే పొంగి డబ్బా మీద నుంచి కారతది. డిసెంబర్‌లో హనుమకొండలో పన్నెండు గంటలైనా లేవదు. పొద్దున ఐదింటికి షాపు తియ్యాలి, పిండి పొంగలేదు, ఓనర్‌కి టెన్షన్. ఏం చేస్తాడు? వంట సోడా వేస్తాడు. మీ మాన్యువల్ ప్రకారం ఆయన తప్పు చెయ్యలేదు, ఎనిమిది గంటలు ఉంచాడు.

సోడా ఇడ్లీ పట్టుకోవడం కష్టం కాదు. తెలుపులో లేత పసుపు కనిపిస్తది, విరిచి చూస్తే పెద్ద పెద్ద రంధ్రాలు ఉంటయి, నాలిక మీద సబ్బు రుచి. బాగా పులిసిన పిండి ఇడ్లీలో చిన్న చిన్న రంధ్రాలు, చివర్న కొంచెం పులుపు.

గంటలు రాయకండి. ఒకే సైజు డబ్బాలు అన్ని షాపులకీ ఇవ్వండి, దాని మీద రెండు గీతలు గీయండి. కింది గీత దాకా పిండి పొయ్యాలి. పై గీతకి చేరగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఎన్ని గంటలు పట్టినా సరే. చలికాలం హనుమకొండలో ముందు రోజు మధ్యాహ్నమే రుబ్బాలి, గోరువెచ్చని నీళ్ళతో కలపాలి. ఎండాకాలం గుంటూరులో రుబ్బేటప్పుడు చల్లటి నీళ్ళు పొయ్యాలి, లేకపోతే గ్రైండర్ వేడికే పిండి వెచ్చబడి తొందరగా పులుస్తది. ఎప్పుడు రుబ్బాలి, నీళ్ళు చల్లగానా వేడిగానా అన్నది ఆ ఊరి మాస్టర్‌కి వదిలెయ్యండి. గీత మాత్రం వదలొద్దు.

ఇంకోటి, గరిట. దోసెకి పిండి ఎంత అని గ్రాముల్లో రాస్తే ఏ మాస్టరూ తూచడు. మాస్టర్లు షాపులు మారతారు, ఎవడి చెయ్యి వాడిది. ఒకే సైజు గరిట, ఒకే లోతు ఇడ్లీ ప్లేట్లు కంపెనీ నుంచే ఇచ్చేయండి. నెయ్యికి కూడా చిన్న గరిట, నిండుగా ముంచితే 15 గ్రాములు వచ్చేది. అప్పుడు చెప్పాల్సిన పనే ఉండదు.

---

వాణి_ఆపరేషన్స్

మాస్టర్ గారూ, దండం. నేను ఒక గొలుసు రెస్టారెంట్ల కంపెనీలో ఆడిట్లు చేసిన రోజుల్లో ఈ మాట చెప్పేవాళ్ళు లేక చాలా పేజీలు వృథా చేశారు అక్కడ. పని చేసే తీరు రాస్తే ఊరు ఊరికీ తప్పుతుంది, పని పూర్తయ్యాక ఎలా ఉండాలో రాస్తే ఎక్కడైనా సరిపోతుంది.

నాకు దీని నుంచి ఒక నియమం తోస్తోంది. షాపులో నిలబడి ఐదు నిమిషాల్లో చూసి అవునో కాదో చెప్పలేనిదాన్ని బిగించిన వాటిలో పెట్టకూడదు. డబ్బా మీద గీత కనిపిస్తుంది. గరిట కనిపిస్తుంది. "పోపు చక్కగా వేగాలి" అన్నది కనిపించదు, దాని మీద ఓనర్‌తో వాదించి గెలవలేరు. బెజవాడ సార్, మీ 64 పేజీల్లో ఈ పరీక్షకి నిలిచేవి ఎన్నో చూడండి. నా అంచనా, పొయ్యి దగ్గర గోడకి అంటించే ఒక్క కాగితంలో పడతాయి. మిగతాది శిక్షణలో చెప్పే మాటలు, తప్పులు పట్టే మాటలు కావు.

ఆహార భద్రత మాత్రం వేరు, అందులో ఎవరితోనూ బేరం లేదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ ఏ షాపుకి ఆ షాపుదే, ఓనర్ పేరు మీదే ఉంటుంది. కానీ కర్నూలులో ఎవరికైనా కడుపు చెడితే పేపర్లో వచ్చేది మీ బోర్డు ఫొటో. చట్నీ ఎంతసేపు బయట ఉండాలి, నూనె ఎప్పుడు పారబోయాలి, ఇవి అన్ని చోట్లా ఒక్కటే.

---

కొండారెడ్డి_బురుజు

కర్నూలు వాణ్ణి. మీ షాపు ఓనర్ నేను కాదు గానీ అక్కడ ఉగ్గాని తిన్నాను. బాగుంది. మా ఊళ్ళో పొద్దున్నే ఉగ్గాని బజ్జీ లేని టిఫిన్ సెంటర్‌కి మొదటిసారి వస్తారు, రెండోసారి రారు. నలుగురు కలిసి వస్తే ఒకడు ఉగ్గాని అడుగుతాడు, లేదంటే నలుగురూ పక్క షాపుకి పోతారు. మీరు అది ఆపేస్తే ఉగ్గాని ఒక్కటే పోదు, దాంతో పాటు మూడు దోసెలు పోతాయి. అంతేకాదు సార్, ఎర్రకారం దోసె మాది కదా, ఆ కారం దోసె మీకు మేమే నేర్పాం అనుకోవచ్చు. మాకు కాస్త మర్యాద ఇవ్వండి.

---

సత్తిబాబు_జీడిమెట్ల

ఇవాళ ఉగ్గాని, రేపు బిర్యానీ, ఎల్లుండి నూడుల్స్. హద్దు ఎక్కడ?

---

వాణి_ఆపరేషన్స్

హద్దు అడగడం న్యాయమే సత్తిబాబు గారూ. నేనైతే ఉగ్గానిని రెండు ముక్కలుగా చూస్తాను. ఉగ్గాని అంటే నానబెట్టిన బొరుగులు, ఉల్లి, పచ్చిమిర్చి, పుట్నాల పొడి. దానికి కొత్త మెషీన్ అక్కర్లేదు, పెనం ఖాళీ చేయక్కర్లేదు, చేసేదాంట్లో ప్రమాదమూ లేదు. దాన్ని ఒప్పుకోవడంలో నాకు ఇబ్బంది లేదు.

బజ్జీ వేరు. అది నూనె మూకుడు. మీ దగ్గర గారెలకి మూకుడు ఉందనుకుంటాను, కానీ పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకా బజ్జీ కూడా వేస్తే అదే నూనె రెండింతలు కాగుతుంది. మిరపకాయ బజ్జీ పిండి రాలి అడుగున మాడి, నూనె తొందరగా నల్లబడుతుంది. నూనె మళ్ళీ మళ్ళీ కాగి చెడేకొద్దీ అందులో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం, 2018 నుంచి అమల్లో ఉంది. కొలవడానికి మీటరు ఉంటుంది, ఖరీదెక్కువ, ఒకటి కొని ఆడిట్‌కి వెళ్ళే మనిషి చేతికివ్వండి. షాపులో రోజూ చూసుకునే గుర్తులు: నూనె చిక్కబడటం, నురుగు తగ్గకుండా నిలబడటం, మామూలు మంటకే పొగ రావడం. బజ్జీకి అనుమతి ఇస్తే దానికి వేరే మూకుడు, రోజూ మిగిలిన నూనె లెక్క, రెండూ షరతుగా పెట్టండి.

అమ్మి చూడడానికి మూడు నెలలు ఇవ్వండి. ఉగ్గాని వచ్చాక దోసెల అమ్మకం పెరిగిందా తగ్గిందా అన్నది చూడండి. బిల్లుల్లో అది కనిపిస్తుంది. బురుజు గారు చెప్పినట్టు నలుగురు కలిసి వచ్చే బిల్లులు పెరిగితే ఆయన మాట నిజం. దోసెలు తగ్గి ఉగ్గానే పెరిగితే మీ పేరు మీద ఆయన వేరే హోటల్ నడుపుతున్నట్టు.

---

ఓరుగల్లు_అమ్మాయి

హనుమకొండ దాన్ని. మా ఇంట్లో ఇడ్లీతో పల్లీ చట్నీ లేకపోతే నాన్న ప్లేటు ముట్టడు. అయినా మీ షాపుకి వెళ్ళిందే అల్లం పచ్చడి కోసం. ఒకసారి వెళ్తే "అయిపోయింది మేడమ్" అన్నారు. తర్వాత అర్థమైంది, చేయడమే మానేశారని. పల్లీ చట్నీ పెట్టినందుకు కోపం లేదు. దాని కోసం ఇది ఎందుకు తీసేశారన్నదే బాధ.

---

బెజవాడ_టిఫిన్స్

అమ్మా, మీరు చెప్పిన దాంట్లోనే నాకు జవాబు దొరికినట్టుంది. తోడుగా పెట్టడం వేరు, తీసేసి పెట్టడం వేరు. అల్లం పచ్చడి ప్రతి ప్లేటులో ఉండాలి, అది బిగించినదే. పక్కన పల్లీ చట్నీ పెట్టుకుంటారా, బొంబాయి చట్నీ పెట్టుకుంటారా ఓనర్ ఇష్టం. ఖర్చు ఆయనదే.

హనుమకొండ ఓనర్‌తో ఫోన్‌లో మాట్లాడాను. ఆయన అల్లం పచ్చడి మానేయడానికి అసలు కారణం రుచి కాదట. అక్కడ చేసే మనిషి మానేశాడు, కొత్తవాడికి చింతపండు, బెల్లం పాళ్ళు కుదరలేదు, రెండుసార్లు చేదుగా వచ్చింది. "మా జనానికి పల్లీయే ఇష్టం" అని నాతో అన్నది అందుకేనట. అల్లం పచ్చడి ముద్ద విజయవాడలోనే చేసి పంపితే, అక్కడ నీళ్ళు కలిపి పోపు పెట్టుకుంటామన్నారు.

---

పెనం_మాస్టర్

ముద్ద పంపేటప్పుడు అల్లం ముదురుదా లేతదా చూసుకోండి సార్. ముదురు అల్లం పీచు గ్రైండర్‌లో నలగదు, ఘాటు ఎక్కువ, నిల్వ పెట్టేకొద్దీ చేదు తేలుతది. నూనెలో బాగా వేయించి రుబ్బండి. తడి తగిలితే బూజు, కాబట్టి చిన్న ప్యాకెట్లు, ఒక్క రోజులో అయిపోయేవి.

---

చాయ్_చంద్రం

ఆ ముద్ద మీద ఎంత మార్జిన్ వేస్తారో కూడా చెప్పండి :)

---

బెజవాడ_టిఫిన్స్

చంద్రం గారూ, అడగాల్సిందే అడిగారు. నెయ్యి విషయంలో ఒక నిర్ణయానికి వచ్చాను. అగ్‌మార్క్ ఉన్న రెండు డెయిరీల పేర్లు ఇస్తాం, మేం బేరమాడిన ధరకే ఓనర్లు నేరుగా కొనుక్కుంటారు, ఆ బిల్లు కాపీ మాకు పంపాలి. పంచదార, ఉప్పు, కూరగాయలు, గ్యాస్, కవర్లు వాళ్ళిష్టం. కారప్పొడి, అల్లం ముద్ద మాత్రం మా దగ్గరే, వాటి మీద మార్జిన్ ఎంతో రాసి ఇస్తాం.

నెయ్యి మీద పోయే ఆదాయం పూడాలంటే రాయల్టీ 5 నుంచి 6 చేయాలి. ఇది కొందరికి నచ్చదని తెలుసు.

---

సత్తిబాబు_జీడిమెట్ల

నచ్చదు కాదు, ఒప్పుకోరు. నెయ్యిలో కలిసిపోయిన రూపాయి కనపడదు, రాయల్టీలో కనపడుతుంది. పైగా చంద్రం గారు చెప్పినట్టు ఆ ఒక్క శాతం జీఎస్టీతో 1.18 అవుతుంది. దోసెలు తక్కువ, ఇడ్లీలు ఎక్కువ అమ్మే రాజమండ్రి ఓనర్‌కి మీ నెయ్యి మార్జిన్ అసలు భారమే కాదు, ఆయనకి ఇది నేరుగా నష్టం.

---

వాణి_ఆపరేషన్స్

సత్తిబాబు గారూ, ఈసారి మీతో ఏకీభవిస్తాను. రాజమండ్రి లెక్క విడిగా చూడాలి. పాత అగ్రిమెంట్ గడువు అయ్యేదాకా పాత పద్ధతో కొత్త పద్ధతో ఓనర్‌నే ఎంచుకోమనడం ఒక దారి. కానీ రెండు పద్ధతులు పక్కపక్కన నడిపితే మీ అకౌంటెంట్ తిడతాడు.

బెంగళూరు సాంబారు సంగతి మర్చిపోయాం. అక్కడికి వచ్చేవాళ్ళలో మనవాళ్ళు ఎక్కువా, కన్నడిగులు ఎక్కువా?

---

బెజవాడ_టిఫిన్స్

మారతహళ్ళిలో తెలుగు వాళ్ళు చాలామందే. శని, ఆదివారాలు అయితే మనవాళ్ళే. కానీ ఓనర్ మిగతా ఐదు రోజుల వ్యాపారం ఆఫీసులకి పార్సిళ్ళ మీద, అక్కడ తియ్యటి సాంబారే అడుగుతారని అంటున్నారు. మా సాంబారుకి ప్రత్యేకంగా పేరేమీ లేదు, నిజం చెప్పాలంటే. వదిలేద్దామనే ఉంది.

అక్కడ నాకున్న అసలు తలనొప్పి ధర. విజయవాడలో 80కి అమ్మే దోసె ఆయన 120 చేశారు. అద్దె ఎక్కువ, నిజమే. యాప్‌లో ఇంకా ఎక్కువ, కమిషన్ కలుపుకుని. మనవాళ్ళు ఫొటో పెట్టి "ఇదే దోసె మా ఊళ్ళో 80" అని రాస్తున్నారు. ధర నేను బిగించవచ్చా?

---

డాలస్_శ్రీనివాస్

పై హద్దు పెట్టడం వేరు, "ఇంతకంటే తక్కువకి అమ్మకూడదు" అనడం వేరు. రెండోది ఇండియాలో పోటీ చట్టం కింద ప్రశ్నకి రావచ్చు. మీ లాయర్‌ని అడిగే ముందు ఏదీ కాగితం మీద పెట్టకండి.

---

చాయ్_చంద్రం

ఓనర్‌గా చెప్తున్నా, ధర జోలికి రాకండి. అద్దె మీరు కట్టరు, మాస్టర్ జీతం మీరు ఇవ్వరు. 120కి ఎవరూ కొనకపోతే ఆయనే తగ్గిస్తాడు.

---

ఓరుగల్లు_అమ్మాయి

తగ్గించకపోతే? మనిషి 120 పెట్టి తిని బాగాలేదనుకుంటే మళ్ళీ ఆ బోర్డు ఎక్కడ చూసినా లోపలికి వెళ్ళడు. హనుమకొండలోనైనా సరే.

---

చాయ్_చంద్రం

బాగాలేకపోతే అది ధర తప్పు కాదమ్మా, దోసె తప్పు.

---

బెజవాడ_టిఫిన్స్

లాయర్‌తో సోమవారం మాట్లాడతాను. ఈలోగా బెంగళూరు ఓనర్‌ని అద్దె, జీతాలు, అమ్మకాల లెక్క పంపమన్నాను, 120 నిజంగా అవసరమో కాదో చూద్దాం. కూకట్‌పల్లిలో నెయ్యి డబ్బాలు తూయడానికి రేపు మా తమ్ముణ్ణి పంపుతున్నాను. ఫలితం ఇక్కడే పెడతాను.